sin x > 1/2 ని ఎలా సాధించాలి: జ్యా గీసి చాపం చదవడం

sin x = 1/2 అని ఇస్తే ఇంటర్ మ్యాథ్స్ చదివినవాళ్లు తడుముకోకుండా x = nπ + (−1)ⁿ π/6 అని రాసేస్తారు. అదే లెక్కలో సమానం గుర్తు తీసి దాని స్థానంలో > పెడితే చాలామందికి చేయి ఆగిపోతుంది. ఆగడం నయమే. ఆగకుండా x > π/6 అని రాసేవాళ్లే ఎక్కువ. నేనూ ఇంటర్‌లో మొదటిసారి అలాగే రాశాను. ఆ జవాబు తప్పని తెలియడానికి ఒక్క విలువ చాలు. x = π తీసుకోండి. π అనేది π/6 కన్నా పెద్దదే, కానీ sin π = 0. సున్నా 1/2 కన్నా ఎక్కువ కాదు కదా.

ఈ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. 2x > 6 అని ఉంటే రెండు వైపులా 2తో భాగించి x > 3 అంటాం. అది చెల్లుతుంది, ఎందుకంటే x పెరిగే కొద్దీ 2x పెరుగుతూనే ఉంటుంది, ఒకసారి 6 దాటాక మళ్లీ కిందకు రాదు. సైన్ అలాంటిది కాదు. పెరుగుతుంది, 1 దాకా వెళ్తుంది, మళ్లీ దిగుతుంది, −1 దాకా పోయి తిరిగి లేస్తుంది. అందుకని రెండు వైపులా సైన్ విలోమం వేసి గుర్తును అలాగే ఉంచడం కుదరదు. సాధారణ సాధన సూత్రంలో సమానం బదులు > పెట్టి x > nπ + (−1)ⁿ π/6 అని రాయడం కూడా ఇదే తప్పు. అక్కడ n ఏ పూర్ణాంకమైనా కావచ్చు. n = −100 వేసి చూస్తే x > −100π + π/6 అవుతుంది. అంటే దాదాపు అన్ని సంఖ్యలూ జవాబులోకి వచ్చేస్తాయి. ఆ రాతకు అర్థమే పోతుంది.

కాబట్టి సూత్రం పక్కన పెట్టి బొమ్మ గీయండి. ఇది కష్టమైన లెక్క కాదు, కానీ బొమ్మ లేకుండా చేస్తే మాత్రం ఏదో ఒక చోట జారిపోతారు.

వృత్తం, ఒక అడ్డగీత

కంపాస్‌తో 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. ఆ 4 సెంటీమీటర్లనే 1 అనుకుందాం. ఇదే మన ఏకక వృత్తం. కేంద్రం గుండా x అక్షం, y అక్షం గీయండి. కుడి చివర ఉన్న (1, 0) బిందువు దగ్గర బయలుదేరి, గడియారం ముళ్లకు ఎదురు దిశలో x కోణం తిరిగితే ఎక్కడికి చేరతామో ఆ బిందువు నిరూపకాలు (cos x, sin x). ఈ లెక్కకు మనకు రెండోది చాలు. sin x అంటే అక్షం నుంచి ఆ బిందువు ఎంత ఎత్తులో ఉందో చెప్పే సంఖ్య. అక్షానికి కింద ఉంటే ఆ సంఖ్య రుణం.

ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. "sin x ఎప్పుడు 1/2 కన్నా ఎక్కువ?" అనే బదులు "వృత్తం మీద ఏయే చోట్ల నిలబడితే ఎత్తు 1/2 దాటుతుంది?" అని అడుగుతున్నాం. x అక్షానికి 2 సెంటీమీటర్ల పైన స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత గీయండి. అది y = 1/2 అనే రేఖ. అది వృత్తాన్ని రెండు చోట్ల కోస్తుంది. ఆ రెండు బిందువుల మధ్య ఉన్న ముక్క వృత్తానికి ఒక జ్యా. ఆ జ్యాకు పైన ఒక చాపం, కింద ఒక చాపం కనిపిస్తాయి. మన జవాబు పై చాపం.

ఇక్కడ ఒక్క క్షణం ఆ మాటల దగ్గర ఆగాలి. జ్యా అంటే వింటినారి, చాపం అంటే విల్లు. మనం స్కూల్లో రేఖాగణితంలో వాడే ఈ రెండు మాటలూ ఆ బొమ్మను చూసి పుట్టినవే. సైన్ అనే పేరు కూడా చివరికి ఈ జ్యా నుంచే వచ్చింది. జ్యా, జీవ అన్న మాటలు అరబిక్‌లోకి వెళ్లి, అక్కడ ఇంకో మాటగా చదవబడి, లాటిన్‌లో సైనస్‌గా అనువాదమయ్యాయి. 499లో ఆర్యభటుడు ఇచ్చిన పట్టికలో వ్యాసార్ధం 3438 అయితే 30 డిగ్రీల అర్ధజ్యా 1719, అంటే కచ్చితంగా సగం. మన sin π/6 = 1/2 అదే. కాకపోతే ఆయన అర్ధజ్యా నిలువుగా ఉండే జ్యాలో సగం, మనం ఇప్పుడు గీసింది అడ్డంగా ఉన్న జ్యా. ఈ రెంటినీ ఒకటనుకోవద్దు. బొమ్మ గుర్తుండటానికి మాత్రం ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు: నారి గీయండి, దానికి పైనున్న విల్లును చదవండి.

జ్యా రెండు చివర్ల కోణాలు

కుడి చివర తేలిక. కేంద్రం నుంచి ఆ బిందువుకు గీత గీస్తే కర్ణం 1, ఎత్తు 1/2 ఉన్న లంబకోణ త్రిభుజం వస్తుంది. ఎత్తు కర్ణంలో సగం ఉందంటే ఆ కోణం 30 డిగ్రీలు, అంటే π/6.

ఎడమ చివర దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. బొమ్మ y అక్షానికి రెండు వైపులా ఒకేలా ఉంది. కాబట్టి ఎడమ బిందువు నుంచి ఎడమ వైపు అక్షం దాకా ఉన్న కోణం కూడా π/6. మనం మాత్రం కుడి నుంచి తిరిగి రావాలి కాబట్టి అక్కడి కోణం π − π/6 = 5π/6. కొందరు ఇక్కడ 2π − π/6 = 11π/6 రాస్తారు. అది కొసైన్‌కు పనికొచ్చే అలవాటు. 11π/6 దగ్గర ఎత్తు −1/2, మనం గీసిన గీత మీద ఆ బిందువు లేనే లేదు. రెండు చివర్లూ ఒకే అడ్డగీత మీద ఉన్నాయా అని వేలు పెట్టి చూసుకుంటే ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

చాపం మీద నడవడం

ఇప్పుడు పై చాపాన్ని పెన్సిల్‌తో మందంగా దిద్దండి. తర్వాత దాని మీద వేలితో నడవండి, ఎప్పుడూ గడియారానికి ఎదురు దిశలోనే. ఎందుకంటే ఆ దిశలోనే కోణం పెరుగుతుంది. π/6 దగ్గర మొదలుపెడతారు, పైకి ఎక్కుతారు, π/2 దగ్గర శిఖరం చేరతారు, అక్కడ ఎత్తు 1. తర్వాత ఎడమ వైపుకు దిగి 5π/6 దగ్గర ఆగుతారు. ముందు తగిలిన కోణం ఎడమ పక్కన, తర్వాత తగిలింది కుడి పక్కన రాయాలి:

π/6 < x < 5π/6

ఈ చాపం పొడవు 5π/6 − π/6 = 4π/6, అంటే 2π/3. మొత్తం చుట్టు 2π కాబట్టి ఇది వృత్తంలో మూడో వంతు. ఈ సంఖ్యను పక్కన రాసి పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

చివర్లు జవాబులో ఉంటాయా లేదా అన్నది గుర్తును బట్టి. π/6 దగ్గర sin x సరిగ్గా 1/2. గుర్తు > అయితే సరిగ్గా 1/2 చాలదు కాబట్టి చివర్లు బయట, చిన్న బ్రాకెట్లు: (π/6, 5π/6). గుర్తు ≥ అయితే చివర్లు లోపల, చదరపు బ్రాకెట్లు: [π/6, 5π/6]. ఇది మార్కుల కోసం పెట్టిన నియమం కాదు. √(2 sin x − 1) అనే ప్రమేయానికి ప్రదేశం కనుక్కోమంటే వర్గమూలం లోపల సున్నా ఉన్నా ఇబ్బంది లేదు, కాబట్టి sin x ≥ 1/2, చివర్లు వస్తాయి. log(2 sin x − 1) అని ఇస్తే లోపల సున్నా ఉండకూడదు, కాబట్టి sin x > 1/2, చివర్లు రావు. పరీక్షల్లో ఈ అసమీకరణం నేరుగా కన్నా ఇలా ప్రదేశం ముసుగులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

చుట్లు కలపడం

వృత్తం చుట్టూ ఇంకో రౌండు వేస్తే మళ్లీ అదే చాపం మీదకు వస్తాం. ఒక రౌండు అంటే 2π. వెనక్కి తిరిగినా అంతే. కాబట్టి రెండు చివర్లకూ ఒకే 2nπ కలపాలి:

2nπ + π/6 < x < 2nπ + 5π/6, n ఏ పూర్ణాంకమైనా.

n = 1 వేస్తే 13π/6 నుంచి 17π/6 దాకా, n = −1 వేస్తే −11π/6 నుంచి −7π/6 దాకా. ఇలా రెండు వైపులా అంతులేని అంతరాలు. జవాబు ఒక్క అంతరం కాదు, ఒకే పొడవున్న అంతరాల వరస.

సమీకరణం సూత్రంలో nπ ఉంది కదా అని ఇక్కడ కూడా nπ కలిపేవాళ్లను చాలామందిని చూశాను. n = 1 వేసి చూడండి: 7π/6 నుంచి 11π/6 దాకా వస్తుంది. అది వృత్తం అడుగున ఉన్న చాపం. అక్కడ sin x విలువ −1/2 కన్నా తక్కువ. అంటే అడిగినదానికి పూర్తిగా ఎదురు. సైన్‌కు ఒక చుట్టు 2π, అంతకు తక్కువ కలిపితే వేరే చోట పడతాం.

జవాబు రాశాక మూడు విలువలు వేసి చూడండి. ఒకటి అంతరం లోపలిది, ఒకటి ఎడమ బయటిది, ఒకటి కుడి బయటిది. ఇక్కడ π/2, 0, π తీసుకుంటే సైన్ విలువలు 1, 0, 0. మొదటిదే 1/2 దాటింది, మిగతావి దాటలేదు, బాగుంది. కాలిక్యులేటర్‌తో చూసేవాళ్లు తెర మీద DEG ఉందా RAD ఉందా అని ముందు చూసుకోవాలి. π/2 అంటే దాదాపు 1.57. DEG మోడ్‌లో sin 1.57 కొడితే 0.027 చూపిస్తుంది. సరైన జవాబును కూడా తప్పనుకుని కొట్టేయడానికి అది చాలు.

గుర్తు తిరగబడితే: sin x < 1/2

బొమ్మ అదే, గీత అదే. ఈసారి జవాబు జ్యాకు కింద ఉన్న పెద్ద చాపం. నడక దిశ మాత్రం మారదు. ఎదురు దిశలో నడుస్తూ కింది చాపంలోకి ఎక్కడ అడుగుపెడతాం? ఎడమ చివర, 5π/6 దగ్గర. అక్కడి నుంచి π దాటి, అడుగున 3π/2 దాటి, బయలుదేరిన 2π బిందువు కూడా దాటి కుడి చివరకు చేరతాం.

ఆ కుడి చివర పేరు ఇంతకుముందు π/6. ఈ నడకలో మాత్రం దాని పేరు π/6 కాదు. మనం ఒక పూర్తి చుట్టు దాటి వచ్చాం, కాబట్టి అది 2π + π/6 = 13π/6. ఈ సంగతి మరచిపోతే 5π/6 < x < π/6 అని రాస్తారు. 5π/6 కన్నా పెద్దదీ π/6 కన్నా చిన్నదీ అయిన సంఖ్య ఒక్కటీ లేదు. కాబట్టి ఎడమ పక్కన పెద్ద సంఖ్య, కుడి పక్కన చిన్న సంఖ్య కనిపిస్తే ఎక్కడో చుట్టు కలపడం మరిచారని అర్థం.

జవాబు ఇది: 2nπ + 5π/6 < x < 2nπ + 13π/6. రెండు చివర్ల నుంచీ 2π తీసేసి −7π/6 < x < π/6 అని మొదలుపెట్టి 2nπ కలిపినా అదే జవాబు. పుస్తకం వెనుక ఒక రూపం, మీ నోట్‌బుక్‌లో ఇంకో రూపం ఉంటే కంగారు పడనక్కర్లేదు. రెండింటికీ తేడా సరిగ్గా 2π అయితే రెండూ ఒకటే.

ఇందాక పక్కన రాసుకున్న పొడవు ఇప్పుడు తీయండి. కింది చాపం పొడవు 13π/6 − 5π/6 = 8π/6 = 4π/3. పై చాపం 2π/3. కలిపితే 2π. రెండు చాపాలూ కలిసి మొత్తం వృత్తం కావాలి, అయ్యింది. రెండు జవాబుల్లో ఒక్కదానిలోనే చివర తప్పుగా రాస్తే ఈ కూడిక 2π రాదు.

ప్రశ్నలో [0, 2π]లో సాధించమని అడిగితే ఈ చాపాన్ని 0 దగ్గర కోయాలి. అప్పుడు రెండు ముక్కలు వస్తాయి: [0, π/6) ∪ (5π/6, 2π]. ఇక్కడ 0 పక్కన, 2π పక్కన చదరపు బ్రాకెట్లు ఎందుకో గమనించండి. అవి అసమీకరణం పెట్టిన హద్దులు కావు, ప్రశ్న పెట్టిన హద్దులు. sin 0 = 0 కాబట్టి అక్కడ అసమీకరణం నిజమే. అందుకే అవి లోపలికి వస్తాయి.

1/2 బదులు వేరే సంఖ్య ఉంటే అడ్డగీత పైకో కిందకో జరుగుతుంది, అంతే. sin x > −1/2 అయితే గీత అక్షానికి కింద పడుతుంది, పై చాపం పెద్దదవుతుంది, −π/6 నుంచి 7π/6 దాకా. sin x > 0.3 లాంటివాటికి కాలిక్యులేటర్‌లో RAD పెట్టి sin⁻¹ 0.3 ≈ 0.305 తీసుకోండి, రెండో చివర π − 0.305 ≈ 2.837. గీత 1 దగ్గరకు వస్తే వృత్తాన్ని కోయకుండా పైన తాకుతుంది, అప్పుడు sin x > 1 కు జవాబే లేదు, sin x ≥ 1 కు π/2 + 2nπ బిందువులు మాత్రమే. కొసైన్ అయితే ఎత్తు బదులు అడ్డం దూరం చూడాలి కాబట్టి గీత నిలువుగా గీయాలి. cos x > 1/2 కు గీతకు కుడి పక్కన ఉన్న చాపం, −π/3 నుంచి π/3 దాకా.

గ్రాఫ్ ఎప్పుడు మేలు

వృత్తంలో ఒక ఇబ్బంది ఉంది. ఎన్ని చుట్లు తిరిగినా అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. x విలువ 0 నుంచి 4π దాకా అని ఇచ్చినప్పుడు, లేదా x బదులు 2x లాంటిది ఉన్నప్పుడు ఎన్ని అంతరాలు వస్తాయో వృత్తంలో కంటికి కనిపించదు. గ్రాఫ్‌లో ఆ చుట్లన్నీ పక్కపక్కన పరుచుకుంటాయి.

గ్రాఫ్ పేపర్ మీద x అక్షంలో ఒక సెంటీమీటరుకు π/6 తీసుకోండి. అప్పుడు 0 నుంచి 2π దాకా సరిగ్గా 12 సెంటీమీటర్లు. y అక్షంలో 1కి 2 సెంటీమీటర్లు. π/6 చొప్పున ముందుకు వెళ్తూ ఎత్తులు 0, 0.5, 0.87, 1, 0.87, 0.5, 0 పెట్టండి. తర్వాత ఆరు సెంటీమీటర్లూ ఇవే అంకెలు రుణ గుర్తుతో. బిందువులను స్కేలుతో కాకుండా చేత్తో కలపండి. తర్వాత y = 1/2 దగ్గర అడ్డగీత. వక్రం గీతకు పైన ఉన్న ముక్క చూసి, రెండు ఖండన బిందువుల నుంచి x అక్షానికి లంబాలు దించండి. అవి 1 సెంటీమీటరు దగ్గర, 5 సెంటీమీటర్ల దగ్గర పడతాయి, అంటే π/6, 5π/6.

జవాబు ఉండేది x అక్షం మీద, వక్రం మీద కాదు. "1/2 నుంచి 1 దాకా" అని రాసేవాళ్లు y విలువలు చదువుతున్నారు. లంబాలు దించడం ఒక లాంఛనం కాదు, ఈ తప్పు జరగకుండా చూసేది అదే.

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో గ్రాఫ్ గీసే యాప్ ఉంటే ఈ రెండు వరసలు టైప్ చేసి మీ బొమ్మతో పోల్చి చూసుకోవచ్చు:

```
y = sin(x)
y = 1/2
```

కోణం మారినప్పుడు: sin(2x − π/3) > 1/2, [0, 2π]లో

బ్రాకెట్‌లో ఉన్నదంతా ఒక్క అక్షరం అనుకోండి: t = 2x − π/3. ఇప్పుడు sin t > 1/2. దీని జవాబు మనకు తెలుసు:

2nπ + π/6 < t < 2nπ + 5π/6

t బదులు 2x − π/3 తిరిగి పెట్టి, అన్ని చోట్లా π/3 కలపండి. π/6 + π/3 = π/2, 5π/6 + π/3 = 7π/6. కాబట్టి

2nπ + π/2 < 2x < 2nπ + 7π/6

ఇప్పుడు 2తో భాగించాలి. ఇక్కడ π/2ను, 7π/6ను భాగించి 2nπని అలాగే వదిలేయడం చాలా మామూలుగా జరిగే తప్పు. 2nπ కూడా సగమై nπ అవుతుంది:

nπ + π/4 < x < nπ + 7π/12

ఈ లెక్కలో 2nπని ముందే రాసి, చివరి దాకా ప్రతి వరసలో మోసుకురావాలి. x విడదీశాక "ఇప్పుడు 2nπ కలుపుదాం" అనుకుంటే సగం జవాబులు పోతాయి. ఎందుకు పోతాయో గ్రాఫ్ చూస్తే తెలుస్తుంది. 2x వల్ల వక్రం సగానికి నొక్కుకుపోతుంది. 0 నుంచి 2π దాకా మామూలు సైన్‌కు ఒక్క పూర్తి అల ఉంటే దీనికి రెండు అలలు. గీతను దాటే గుట్టలు కూడా రెండు, ఒక్కోదాని వెడల్పు సగం. 7π/12 − π/4 = 4π/12 = π/3. ఇందాకటి 2π/3లో ఇది సరిగ్గా సగం.

n = 0 వేస్తే (π/4, 7π/12). n = 1 వేస్తే (5π/4, 19π/12). n = 2 వేస్తే 9π/4 దగ్గర మొదలవుతుంది, 2π దాటిపోయింది. n = −1 వేస్తే మొత్తం సున్నాకు ఎడమ వైపు పడుతుంది. కాబట్టి [0, 2π]లో జవాబు (π/4, 7π/12) ∪ (5π/4, 19π/12). సరిచూడటానికి మొదటి అంతరం మధ్య బిందువు 5π/12 తీసుకోండి. 2x − π/3 = 5π/6 − 2π/6 = π/2, sin = 1. గుట్ట శిఖరం అంతరానికి సరిగ్గా నడుమ పడింది, అలాగే పడాలి కూడా.

x ముందు రుణ గుర్తు ఉంటే, ఉదాహరణకు sin(π/3 − 2x), చివర్లో −2తో భాగించేటప్పుడు < గుర్తులు తిరగబడతాయని మరిచిపోవద్దు.

వర్గ రూపంలో దాక్కుంటే

2 sin²x − 3 sin x + 1 < 0 అని ఇచ్చారనుకోండి. ఇక్కడ sin x తో భాగించాలనిపిస్తే ఆగండి. sin x ధనమో రుణమో తెలియకుండా భాగిస్తే గుర్తు తిరగాలో వద్దో తెలియదు. దాని బదులు sin x ని s అనుకుని మామూలు వర్గ అసమీకరణంలా చేయండి. 2s² − 3s + 1 = (2s − 1)(s − 1). ఇది సున్నా కన్నా తక్కువ కావాలంటే s రెండు మూలాల మధ్య ఉండాలి: 1/2 < s < 1.

ఇప్పుడు వృత్తంలో రెండు అడ్డగీతలు గీయండి. ఒకటి 1/2 దగ్గర, రెండోది 1 దగ్గర. రెండో గీత వృత్తాన్ని పైన ఒక్క బిందువు దగ్గర తాకి వెళ్తుంది. మనకు కావలసింది రెండు గీతల మధ్య ఉన్న భాగం. అంటే ఇందాకటి పై చాపమే, కానీ శిఖరం దగ్గర ఒక్క బిందువు తీసేసి. అక్కడ sin x = 1, అసమీకరణం ఎడమ పక్క సున్నా అవుతుంది, సున్నా సున్నా కన్నా తక్కువ కాదు. కాబట్టి జవాబు

(2nπ + π/6, 2nπ + π/2) ∪ (2nπ + π/2, 2nπ + 5π/6)

ఆ చిన్న చిల్లును బొమ్మ లేకుండా పట్టుకోవడం కష్టం. బొమ్మలో మాత్రం శిఖరం మీద ఖాళీ సున్నా చుట్టగానే కనిపిస్తుంది. గుర్తు ≤ అయితే ఆ చిల్లు పూడిపోయి, చివర్లు కూడా కలిసి [2nπ + π/6, 2nπ + 5π/6] వస్తుంది. గుర్తు > అయితే s < 1/2 కావాలి, లేదా s > 1 కావాలి. రెండోది సైన్‌కు సాధ్యం కాదు. మిగిలింది sin x < 1/2, దాని జవాబు మీ కాగితం మీద ఇప్పటికే ఉంది: 2nπ + 5π/6 < x < 2nπ + 13π/6.